ఎరుపు వచ్చే లోపే వాపసు పంపాలి: మందుల షాపు గడువులకు వారాల లెక్కతో రంగులేసే షీటు

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మా మావయ్యకి ఒక చిన్న మెడికల్ షాపు ఉంది. ఆదివారాలు నేను వెళ్లి కౌంటర్లో కూర్చుంటాను. పోయిన ఏడాది సిరిమానోత్సవం హడావుడిలో రెండు మూడు వారాలు అరలు సర్దలేదు. ఆ తర్వాత తీసి చూస్తే గడువు దగ్గరపడ్డ స్ట్రిప్పులు ఒక కార్టన్‌కి సరిపడా దొరికాయి, కానీ సరుకిచ్చిన డిస్ట్రిబ్యూటర్ "వాపసు తీసుకునే టైము దాటిపోయిందండీ" అనేశాడు. అప్పటికే మావయ్య దగ్గర ఒక షీటు ఉంది, అందులో గడువుకి నెల ముందు ఎరుపు రంగు వచ్చేది కూడా. వచ్చింది, మేమూ చూశాం, కానీ అప్పటికి చేయడానికి ఏమీ మిగల్లేదు.

అందుకే ఆ షీటు మొత్తం తీసేసి మళ్లీ మొదట్నుంచి కట్టాను. ఇక్కడ రాసేది గూగుల్ షీట్స్ పట్టుకుని రాస్తున్నా. ఎక్సెల్లో ఫార్ములాలు అవే, తేడా ఉన్నచోట చెప్తాను. కట్టేటప్పుడు కంప్యూటర్ మీద కూర్చోండి, తర్వాత ఫోన్లో చూసుకోవచ్చు.

ముందు రంగులు కాదు, గీతలు గీసుకోవాలి

నాలుగు వారాలు, ఎనిమిది వారాలు అని గుండ్రంగా ఉన్న అంకెలు పెట్టుకోకండి. షాపులో నిజంగా ఏ రోజు దాటితే ఏ పని కుదరదో అక్కడ గీత గీయాలి. మావయ్య షాపుకి మూడు గీతలు తేలాయి.

మొదటిది 13 వారాలు. గడువుకి కనీసం మూడు నెలలు ఉండగా వస్తేనే సరుకు వెనక్కి తీసుకుంటానని మాకిచ్చే డిస్ట్రిబ్యూటర్ చెప్పాడు. ఇది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, గడువు అయిపోయాక తీసుకునేవాళ్లూ ఉంటారు, కాబట్టి మీ డిస్ట్రిబ్యూటర్‌ని అడిగి ఆ అంకె వేసుకోండి. రెండోది 17 వారాలు, అంటే ఆ 13కి ముందు ఒక నెల. స్ట్రిప్పులు ఏరి, బిల్లు వెతికి, మనిషి వచ్చినప్పుడు ఇవ్వడానికి ఆ నెల కావాలి. మూడోది 5 వారాలు. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు నెలకి సరిపడా ఒకేసారి తీసుకెళ్తారు, 30 రోజులంటే నాలుగు వారాల రెండు రోజులు, కాబట్టి షీటులో 4 అని కనిపించే స్ట్రిప్ వాళ్లకి ఇస్తే చివరి మాత్రలు గడువు దాటాక మింగాల్సి రావచ్చు. 5 కనిపిస్తే ఆ భయం లేదు.

ఇలా చూస్తే 13 నుంచి 16 వారాలు మిగిలిన సరుకే అన్నిటికన్నా ముఖ్యం. డబ్బులు వెనక్కి వచ్చేది అక్కడే. అందుకని కళ్లకి కొట్టొచ్చే పసుపు దానికిచ్చాను, ఎరుపుకి కాదు.

షీటు అమరిక

ఈ షీటుకి `Stock` అని పేరు పెట్టండి. మొదటి రెండు వరసలు సెట్టింగులకి. `A1`లో "ఈ రోజు" అని రాసి `B1`లో ఇది పెట్టండి:

```
=TODAY()
```

`A2`లో "గీతలు" అని రాసి, `B2`లో 5, `C2`లో 13, `D2`లో 17 వేయండి. మూడో వరస ఖాళీ. నాలుగో వరసలో శీర్షికలు: A మందు, B బ్యాచ్, C స్టాక్, D నెల, E సంవత్సరం, F గడువు తేదీ, G వారాలు, H పని, I వారానికి అమ్మకం, J మిగిలేది. సరుకు ఐదో వరస నుంచి మొదలు. పై నాలుగు వరసలూ `View > Freeze`తో కదలకుండా బిగించేయండి.

ఒకే మందు రెండు బ్యాచుల్లో ఉంటే రెండు వరసలు రాయాలి. "40 ఉన్నాయి కదా, ఒకే వరస చాలు" అని కలిపేస్తే ఒక బ్యాచ్ గడువు ఇంకో బ్యాచ్ చాటున దాక్కుంటుంది.

గడువుని తేదీలా టైప్ చేయకండి

నేను ఎక్కువ దెబ్బ తిన్నది ఇక్కడే. స్ట్రిప్ మీద 12/26 అని ఉంటుంది, అంటే 2026 డిసెంబరు. దాన్ని అలాగే సెల్లో కొడితే, షీటు అమెరికా లొకేల్లో ఉంటే, అది టైప్ చేసిన ఏడాది డిసెంబరు 26 అని రాసుకుంటుంది. పైకి చక్కగా తేదీలాగే కనిపిస్తుంది, ఏ ఎర్రరూ రాదు, కానీ 2025 నవంబరులో కొట్టి ఉంటే ఏడాది పైన గడువున్న సరుకు ఆరు వారాల్లో అయిపోతుందని చూపిస్తుంది. అందుకే నెల ఒక గడిలో, సంవత్సరం ఇంకో గడిలో, రెండూ మామూలు అంకెలుగా పెట్టాను. స్ట్రిప్ చూసి 12, పక్క గడిలో 26 కొడితే అయిపోయింది, టైపింగ్ కూడా తొందరగా అవుతుంది.

మందుల మీద నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు వరకూ వాడొచ్చని అర్థం. 1945 నాటి ఔషధ నియమాల్లోనే ఆ మాట ఉంది. కాబట్టి మనకి నెలలో చివరి రోజు కావాలి. `F5`లో ఇది:

```
=IF(COUNT(D5:E5)<2,"",DATE(2000+MOD(E5,100),D5+1,0))
```

`DATE`కి రోజు దగ్గర 0 ఇస్తే అది ఆ నెలకి ముందు రోజుకి వెళ్తుంది. అందుకే నెలకి ఒకటి కలిపి 0 ఇస్తున్నాం. డిసెంబరైతే 13 అవుతుంది, అయినా కంగారు లేదు, 13వ నెలంటే వచ్చే జనవరి అని దానికి తెలుసు, దానికి ముందు రోజు డిసెంబరు 31. ఫిబ్రవరికి 28ఓ 29ఓ అదే చూసుకుంటుంది.

`MOD` ఎందుకంటే, మావయ్య 26 అని కొడతాడు, నేను 2026 అని కొడతాను. అది లేకుండా ఉత్త `DATE(E5,...)` అని రాస్తే 26 అన్నది 1926 అయిపోతుంది. ఎప్పుడైనా వారాల గడిలో మైనస్ 5000 చిల్లర కనిపిస్తే మీ షీటు వందేళ్లు వెనక్కి పోయిందని అర్థం. ఇక `COUNT`, ఆ రెండు గడుల్లోనూ నిజమైన అంకెలు ఉంటేనే లెక్క చేయనిస్తుంది. ఎక్కడినుంచో కాపీ చేసి తెచ్చిన "03" అంకెలా కనిపించే అక్షరాలైతే F ఖాళీగా ఉండిపోతుంది. మందు పేరు ఉండి గడువు ఖాళీగా ఉన్న వరస చూడగానే దొరికిపోతుంది, తప్పు తేదీ చూపించడం కన్నా అదే నయం.

F గడిలో తేదీ బదులు 46081 లాంటి అంకె వస్తే భయపడకండి. తేదీలన్నీ లోపల రోజుల లెక్కే. `Format > Number > Date` నొక్కితే మామూలుగా కనిపిస్తుంది.

ఒక తప్పు మాత్రం ఈ ఫార్ములా పట్టలేదు. నెల గడిలో పొరపాటున 15 పడితే అది నోరు మూసుకుని వచ్చే ఏడాది మార్చికి వెళ్లిపోతుంది. అందుకని D నిలువు వరసని `D5` నుంచి ఎంచుకుని `Data > Data validation`లో 1 నుంచి 12 మధ్య అంకెలు మాత్రమే తీసుకునేలా, మిగతావి తిప్పికొట్టేలా పెట్టండి. మరీ పాత సరుకు ఉండదనుకుంటే సంవత్సరానికీ అలాగే ఒక హద్దు పెట్టొచ్చు.

వారాలు, పని

`G5`లో:

```
=IF(F5="","",INT((F5-$B$1)/7))
```

ఇక్కడ `INT` బదులు `ROUNDDOWN` వాడితే ఒక చిక్కుంది. నిన్న గడువు దాటిన స్ట్రిప్‌కి మైనస్ ఒకటి బై ఏడు వస్తుంది, `ROUNDDOWN` దాన్ని సున్నా చేసేస్తుంది, అంటే గడువు దాటిందీ ఇంకా మూడు రోజులున్నదీ ఒకేలా 0 అని కనిపిస్తాయి. `INT` ఎప్పుడూ కిందికే దిగుతుంది కాబట్టి దాటింది −1 అవుతుంది, సున్నా అంటే ఇంకా ఉందనే లెక్క.

మొదట్లో ఉన్న `IF` కూడా ఊరికే పెట్టలేదు. F ఫార్ములా "" ఇచ్చినచోట తీసివేత కుదరక `#VALUE!` ఎర్రరు వస్తుంది. F లో ఫార్ములా కూడా లేని ఉత్త ఖాళీ గడినైతే షీటు సున్నా అనుకుంటుంది, అందులోంచి ఈ రోజు తీసేస్తే పెద్ద మైనస్ వస్తుంది, సరుకే రాయని వరసలన్నీ గడువు దాటినట్టు రంగెక్కిపోతాయి. నేను మొదటిసారి కట్టినప్పుడు అదే జరిగింది. మావయ్య వచ్చి చూసి "ఏట్రా ఇది, షాపంతా కాలం చేసేసినట్టుంది" అన్నాడు.

`H5`లో చేయాల్సిన పని:

```
=IF(G5="","",IF(G5<0,"తీసేయ్",
 IF(G5<$B$2,"చూసి ఇవ్వు",
 IF(G5<$C$2,"ముందు అమ్ము",
 IF(G5<$D$2,"వాపసు పంపు","ఉండనీ")))))
```

చాలామంది వారాల అంకె చూసి నేరుగా రంగులు వేసేస్తారు. నేను మధ్యలో ఈ మాటల గడి ఎందుకు పెట్టానంటే, గీతల లెక్క అంతా ఒక్కచోటే ఉంటుంది, రంగులు ఈ మాటని చూసి పడతాయి. రేపు డిస్ట్రిబ్యూటర్ మాట మార్చి "నాలుగు నెలల ముందే పంపాలి" అంటే `C2`ని 18, `D2`ని 22 చేస్తే చాలు, రంగుల రూల్స్ ముట్టుకోనక్కర్లేదు. బ్లాక్ అండ్ వైట్ ప్రింటు తీసి అర దగ్గర పెట్టుకున్నా మాట చదువుకోవచ్చు.

ఈ మూడు ఫార్ములాలనీ కిందికి లాగండి. మా షాపులో 600 వరసల దాకా లాగాం.

రంగులు

`A5:J1000` మొత్తం ఎంచుకోండి. గూగుల్ షీట్స్‌లో `Format > Conditional formatting` తెరిచి, `Format cells if` కింద చివర్లో ఉండే `Custom formula is` ఎంచుకుని ఇది ఇవ్వండి, పసుపు రంగు పెట్టండి:

```
=$H5="వాపసు పంపు"
```

ఎక్సెల్లో `Home > Conditional Formatting > New Rule`కి వెళ్లి `Use a formula to determine which cells to format` ఎంచుకోవాలి. మిగతాది అంతే. ఇలాగే "ముందు అమ్ము"కి లేత నారింజ, "చూసి ఇవ్వు"కి లేత ఎరుపు, "తీసేయ్"కి బూడిద రంగు, మీద గీత కొట్టిన అక్షరాలు పెట్టండి. "ఉండనీ"కి రంగు వద్దు. ఆకుపచ్చ వేయాలనిపిస్తుంది, నాకూ అనిపించింది, వేస్తే షీటంతా బతుకమ్మలా తయారై పసుపు ఎక్కడుందో కనిపించదు.

మాటలు మళ్లీ టైప్ చేయకుండా H ఫార్ములా లోంచే కాపీ చేసి అతికించండి. తెలుగులో ఒక ఖాళీ ఎక్కువైనా, ఒక గుర్తు వేరేలా పడినా కంటికి తేడా తెలీదు, షీటుకి మాత్రం రెండూ వేరు, రంగు రాదు.

ఫార్ములాలో H ముందున్న డాలరు గుర్తు మరిచిపోతే A గడి H ని చూస్తుంది, B గడి I ని చూస్తుంది, C గడి J ని చూస్తుంది, దాంతో మందు పేరుకి మాత్రమే రంగొచ్చి మిగతా వరస తెల్లగా ఉంటుంది. అది కనిపించే తప్పు, సరిచేసుకోవచ్చు. కనిపించని తప్పు ఇంకోటి ఉంది. మీరు ఎంచుకున్నది ఐదో వరస నుంచి, ఫార్ములాలో పొరపాటున `$H4` అని రాశారనుకోండి, ప్రతి రంగూ ఒక వరస కిందికి జరిగిపోతుంది. అంతా అందంగా రంగురంగులుగానే ఉంటుంది, మీరు మాత్రం పక్క మందుని వాపసు పంపుతారు. రంగు పడ్డ ఒక వరసలో H గడి మాట, ఆ రంగు ఒకటేనా అని ఒకసారి చూస్తే తెలిసిపోతుంది.

రెండు రంగులు ఒకే వరస మీద పోటీ పడే గొడవ మనకి లేదు, ఒక వరసకి ఒక్క మాటే ఉంటుంది కాబట్టి. నేరుగా అంకెలతో "17 కన్నా తక్కువ", "13 కన్నా తక్కువ" అని రూల్స్ రాస్తే మాత్రం ఏది పైనుందో చూసుకోవాలి. కొత్త రూల్‌ని గూగుల్ షీట్స్ కింద చేరుస్తుంది, ఎక్సెల్ పైన చేరుస్తుంది, ఒకదాంట్లో బాగా పనిచేసింది ఇంకోదాంట్లో అదే వరుసలో కడితే తలకిందులవుతుంది.

ఒక తేదీ బిగించి పరీక్ష పెట్టండి

రంగులు వచ్చాయి కదా అని వదిలేయకండి. `B1`లో కాసేపు ఈ తేదీ పెట్టండి:

```
=DATE(2025,11,10)
```

ఇప్పుడు ఆరు వరసల్లో నెల, సంవత్సరం ఇలా కొట్టండి: 10/25, 11/25, 12/25, 1/26, 2/26, 3/26. గడువు అక్టోబరు 31తో ముగిసినదానికి −2 రావాలి, బూడిద రంగు. నవంబరుకి 20 రోజులున్నాయి, 2 వారాలు, ఎరుపు. డిసెంబరుకి 51 రోజులు, 7 వారాలు, నారింజ. జనవరికి 82 రోజులు, 11 వారాలు, అదీ నారింజే. ఫిబ్రవరి 28కి 110 రోజులు, 15 వారాలు, పసుపు. మార్చికి 20 వారాలు, రంగు లేదు. ఈ ఆరింటిలో ఒక్కటి తేడా వచ్చినా పైకెళ్లి ఆ గడి ఫార్ములా చూడండి. అన్నీ సరిపోతే `B1`లో మళ్లీ `=TODAY()` పెట్టడం మరిచిపోకండి, మరిచిపోతే షీటు ఆ రోజు దగ్గరే ఆగిపోయి ఎప్పటికీ కొత్తగా ఏదీ రంగు మారదు.

ఈ రోజు తేదీని ఫార్ములాల్లో దాచకుండా పైన కనిపించేలా పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎక్సెల్ కంప్యూటర్ గడియారాన్ని నమ్ముతుంది. పాత సిస్టమ్ లోపల చిన్న గుండ్రటి బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది, సరుకంతా "ఉండనీ" అంటుంది. గూగుల్ షీట్స్ కంప్యూటర్‌ని కాదు, షీటు టైమ్ జోన్‌ని నమ్ముతుంది. `File > Settings`లో అది అమెరికా పశ్చిమ తీరం మీద ఉంటే మన దగ్గర మధ్యాహ్నం పన్నెండున్నరో ఒకటిన్నరో దాటేదాకా నిన్నటి తేదీయే చూపిస్తుంది. అక్కడ ఇండియా పెట్టండి, లొకేల్ కూడా అక్కడే మార్చుకోవచ్చు.

పసుపు వచ్చిందంతా పంపాలా?

అక్కర్లేదు. J గడి పనికొచ్చేది ఇక్కడే. `I5`లో ఆ మందు వారానికి సుమారుగా ఎన్ని స్ట్రిప్పులు పోతుందో రాయండి, పోయిన రెండు మూడు నెలల బిల్లులు చూసి. `J5`లో:

```
=IF(OR(G5="",I5=""),"",MAX(0,C5-I5*MAX(0,G5-$B$2)))
```

పై పరీక్షలో ఫిబ్రవరి వరసే తీసుకుందాం. సెట్రిజిన్ 40 స్ట్రిప్పులు ఉన్నాయి, వారానికి మూడు పోతాయి, 15 వారాలు మిగిలాయి. ఉత్తగా గుణిస్తే 45 పోతాయి, కాబట్టి పంపనక్కర్లేదు అనిపిస్తుంది. కానీ చివరి ఐదు వారాలు అందరికీ అమ్మలేం, అవి తీసేస్తే పది వారాలు, 30 స్ట్రిప్పులు. మిగిలేది 10. ఆ 10 వాపసు పెట్టె లోకి, 30 అరలో ముందు వరసలోకి. ఇవన్నీ పంపేస్తే డిస్ట్రిబ్యూటర్ మొహం మాడ్చుకుంటాడు, ఏమీ పంపకపోతే మనం నష్టపోతాం.

ఈ లెక్కకి ఒక లోటుంది. అదే మందు పాత బ్యాచ్ ఇంకా అరలో ఉంటే వారానికి పోయే మూడూ ముందు దాంట్లోంచే పోతాయి, షీటు మాత్రం రెండు వరసలకీ మూడేసి లెక్కేసుకుంటుంది. దీన్ని ఫార్ములాతో పట్టొచ్చు గానీ చాలా పొడుగవుతుంది, మా షాపుకి అంత అవసరం లేదనిపించింది. రెండు బ్యాచులున్న మందుకి మావయ్య కొత్త బ్యాచ్ వరసలో I ని ఖాళీగా వదిలేస్తాడు, పాతది అయిపోయాక నింపుతాడు.

వాపసు జాబితా విడిగా కావాలంటే ఇంకో షీటు తెరిచి రెండో వరసలో ఇది పెట్టండి. గడువు ముందున్నది పైకి వస్తుంది.

```
=IFERROR(SORT(FILTER(Stock!A5:J600,
 Stock!H5:H600="వాపసు పంపు"),6,TRUE),"ఏమీ లేవు")
```

ఎక్సెల్లో `FILTER` 2021, ఆ తర్వాతి వెర్షన్లలోనూ 365లోనూ మాత్రమే ఉంది, అక్కడ `TRUE` బదులు 1 రాయాలి. పాత ఎక్సెల్ అయితే H శీర్షిక మీద మామూలు ఫిల్టర్ పెట్టుకుంటే సరిపోతుంది.

నడిపేటప్పుడు

కొత్త సరుకు రాసేటప్పుడు పాత వరసని కాపీ కొట్టి అతికించడం అందరికీ అలవాటు. అలా చేస్తే రంగుల రూల్స్ కూడా వెంట వచ్చి, కొన్నాళ్లకి ఒక్కో రూలు ముక్కలు ముక్కలుగా పది చోట్ల తయారవుతుంది, ఎక్సెల్లో మరీనూ. A నుంచి E దాకా గడులే కాపీ చేసి, F, G, H ఫార్ములాలు చెరిగిపోకుండా, `Ctrl+Shift+V` కొట్టి విలువలు మాత్రమే అతికించండి, పాత ఎక్సెల్లో అది పనిచేయకపోతే `Paste Special > Values`. నెలకోసారి రూల్స్ జాబితా తెరిచి నాలుగే ఉన్నాయా అని చూసుకోండి.

బూడిద రంగు వచ్చిన వరసని వెంటనే డిలీట్ చేయకండి. గడువు దాటిన మందు అమ్మకానికి పెట్టిన సరుకుతో కలిసి ఉండకూడదు, విడిగా పెట్టెలో పెట్టి దాని మీద `Not for sale` అని కనబడేలా రాయాలి. ఆ పెట్టెలో ఎన్ని ఉన్నాయో చెప్పేది ఈ వరసే. పెట్టె ఖాళీ అయ్యాక స్టాక్ సున్నా చేసి తీసేయొచ్చు.

మావయ్య ఇప్పుడు సోమవారం పొద్దున్న షట్టర్ ఎత్తాక ముందు `B1` చూస్తాడు, తేదీ సరిగ్గా ఉంటే పసుపు వరసలు చదివి ఒక్కో స్ట్రిప్ ఏరి వాపసు పెట్టెలో పడేస్తాడు. పోయిన వారం ఫోన్ చేసి "పసుపు ఒక్కటీ లేదురా, షీటు పాడైపోనాదేమో చూడు" అన్నాడు. చూశాను. బాగానే ఉంది, అన్నీ పంపేశాడు అంతే.